నడినెత్తిన ఎండలో ఇంటర్వ్యూ: స్కిమ్మర్, బౌన్స్, నీడ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడున్నవన్నీ ఒకే పరిస్థితి గురించి. ఒక మనిషి కుర్చీలో కూర్చుని మాట్లాడుతుంటారు, ఒకటే కెమెరా, బయట ఆరుబయలు, టైమ్ పన్నెండు దాటింది. లైట్లు లేవు, కరెంటు లేదు. చేతిలో ఉన్నవి ఒకటో రెండో స్కిమ్మర్ ఫ్రేములు, అంటే ఎండను మెత్తబరిచే తెల్ల గుడ్డ బిగించిన చట్రాలు, వెలుగును మొహం మీదకి తిప్పికొట్టడానికి, అంటే బౌన్స్ చెయ్యడానికి, ఒకటో రెండో బోర్డులు, ఒక నల్ల గుడ్డ. వీటితో మొహాన్ని చూడబుల్‌గా చెయ్యడం ఎలాగన్నదే విషయం.

మిట్టమధ్యాహ్నం మొహం ఎందుకంత కఠినంగా కనిపిస్తుంది? ఎండ మరీ ఎక్కువ కావడం వల్లేనా?

ఎక్కువ కావడం వల్ల కాదు. వెలుగు ఎక్కువైతే కెమెరాలో తగ్గించుకోవచ్చు, అది పెద్ద సమస్యే కాదు. అసలు సమస్యలు రెండు. ఒకటి, వెలుగు నిలువునా పైనుంచి పడటం. రెండోది, ఆ వెలుగు చాలా చిన్న చోటు నుంచి రావడం.

సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకు కనిపించేది ఆకాశంలో అర డిగ్రీ మాత్రమే. చెయ్యి బారుగా చాచితే చిటికెన వేలి వెడల్పులో సగం. అంత చిన్న చోటు నుంచి వచ్చే వెలుగుకు నీడ అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. అది పైనుంచి పడితే కనుబొమల ఎముక నీడ కళ్ళ గుంటల్లోకి, ముక్కు నీడ పై పెదవి మీదకి, గడ్డం నీడ మెడ మీదకి దిగుతాయి. నుదురు, ముక్కు కొన, చెంప ఎముకలు మాత్రం తళతళలాడతాయి. మాట్లాడే మనిషిలో మనం చూసేది కళ్ళు, సరిగ్గా అవే చీకట్లోకి పోతాయి.

కాబట్టి చేయాల్సిన పని కూడా రెండు భాగాలు. వెలుగు వచ్చే చోటును పెద్దది చెయ్యాలి, దాని దిశను పైనుంచి ముందుకు దించాలి. చాలామంది మొదటిది చేసి ఆగిపోతారు. మెత్తబడిన వెలుగు కూడా నెత్తి మీద నుంచే వస్తుంటే కళ్ళు అలాగే నల్లగా ఉంటాయి.

ముందు బౌన్స్ పెట్టి చూడమంటారా, స్కిమ్మర్ కట్టమంటారా?

ముందు నెత్తి మీద ఎండను తీసెయ్యాలి, తర్వాతే ముందునుంచి వెలుగు తెచ్చుకోవాలి. ఈ వరుస తిరగబడితే పని కుదరదు.

నేరుగా ఎండ మొహం మీద ఉండగానే ఎదురుగా తెల్ల బోర్డు పట్టారనుకోండి. నాలుగడుగుల బోర్డును నాలుగడుగుల దూరంలో, మంచి వాలులో పట్టినా అది మొహానికి ఇచ్చే వెలుగు నేరుగా పడే ఎండలో ఆరో వంతు ఉంటుంది, అంతే. అంటే రెండున్నర స్టాప్‌లు తక్కువ, ఒక్కో స్టాప్ తగ్గితే వెలుగు సగమైనట్టు. కళ్ళ గుంటలు కొంచెం తేలతాయి గానీ ముక్కు కింద ఆ గీత గీసినట్టున్న నీడ కదలదు. అది చాలక వెండి రిఫ్లెక్టర్ తెస్తారు, ఎదుటి మనిషి కళ్ళు చిట్లిస్తారు, రెండు నిమిషాల్లో నీళ్ళు కారతాయి. ఇక ఆ మొహంలో వెలుగు బాగున్నా మాట బాగుండదు.

అదే స్కిమ్మర్ పెట్టి పై వెలుగును నాలుగో వంతుకు దించితే, అదే తెల్ల బోర్డు ఒక్కసారిగా బలమైనదైపోతుంది. బోర్డు మారలేదు, దానికి పోటీ తగ్గింది.

స్కిమ్మర్ ఎందుకు? నీడలో కూర్చోబెడితే సరిపోదా?

మంచి నీడ దొరికితే సరిపోతుంది, నేనైతే ముందు దానికోసమే వెతుకుతాను. కానీ నీడల్లో తేడాలున్నాయి.

చెట్టు నీడ చూడటానికి చల్లగా ఉంటుంది, కెమెరాకు మాత్రం చాలాసార్లు ద్రోహం చేస్తుంది. ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు చొక్కా మీద, చెంప మీద నాణేల్లా తిరుగుతుంటాయి. ఆ మచ్చకూ పక్కనున్న నీడకూ మధ్య మూడు స్టాప్‌ల తేడా ఉంటుంది. ఏ కెమెరా సెట్టింగూ దాన్ని కలపలేదు. చెట్టు కిందే కూర్చోబెట్టాలంటే ఆకులకూ మనిషికీ మధ్య స్కిమ్మర్ కట్టాల్సిందే.

గోడ నీడ, వరండా నీడ మేలు. అక్కడ కూడా ఎక్కడ కూర్చోబెడుతున్నామన్నదే కీలకం. వరండా లోపలికి పదడుగులు వెళితే వెలుగు మందగించి మొహం జీవం లేకుండా ఉంటుంది. నీడ అంచు నుంచి రెండు మూడడుగులు మాత్రమే లోపలికి, మొహం బయటికి తిప్పి కూర్చోబెట్టండి. పైకప్పు నడినెత్తి ఎండను ఆపేస్తుంది. బయట ఎండలో ఉన్న నేల, ఎదుటి గోడ, ఆకాశం కలిసి ఒక పెద్ద కిటికీలా మొహానికి వెలుగునిస్తాయి. ఇంత పెద్ద బౌన్స్ మనం ఎత్తుకొచ్చేది కాదు. బయట నేల లేత సిమెంటు అయితే మరీ మంచిది. పచ్చిక అయితే గడ్డం కింద ఆకుపచ్చ ఛాయ పడుతుంది, దాని మీద ఒక తెల్ల గుడ్డ పరిస్తే పోతుంది.

ఇంకో మాట. ఆరుబయట గోడ నీడలో వెలుగిచ్చేది నీలి ఆకాశం. అందుకే రంగు నీలం వైపు జరుగుతుంది. ఎండ రంగు ఉష్ణోగ్రత దాదాపు 5,500 కెల్విన్ అయితే ఇలాంటి నీడలో 7,000 దాటిపోతుంది. మనిషి మొహం ముందు తెల్ల కార్డు పట్టి వైట్ బ్యాలెన్స్ తీసుకోండి, ఆటోకు వదిలెయ్యకండి.

స్కిమ్మర్ ఎంత సైజుండాలి? ఎంత ఎత్తులో కట్టాలి?

ఒక్క మనిషికి ఆరుకి ఆరు అడుగులు కనీసం అనుకోండి. నాలుగుకి నాలుగు మొహానికి, భుజాలకు సరిపోతుంది గానీ మాట్లాడే మనిషి చేతులు ఊరుకోవు. చెయ్యి ముందుకు చాచిన ప్రతిసారీ అది నీడ దాటి నేరుగా ఎండలోకి వెళ్ళి తెల్లగా మెరుస్తుంది. ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు చూపు మొహం మీద కాకుండా ఆ చెయ్యి మీదకే పోతుంది.

ఎత్తు విషయంలో చాలామందికి ఒక అపోహ ఉంది, పైకెత్తితే ఎక్కువ చోటు కప్పుతుందని. సూర్యకిరణాలు దాదాపు సమాంతరంగా వస్తాయి కాబట్టి ఫ్రేమును ఎంత ఎత్తినా నీడ సైజు అంతే ఉంటుంది. మారేది మెత్తదనం. తలకు మూడడుగుల పైన ఉన్న ఆరడుగుల గుడ్డ మొహానికి తొంభై డిగ్రీల వెడల్పున్న వెలుగుగా కనిపిస్తుంది. దాన్ని ఆరడుగుల పైకెత్తితే యాభై మూడు డిగ్రీలకు తగ్గుతుంది, వెలుగు గట్టిపడుతుంది, బలం కూడా తగ్గుతుంది. కాబట్టి షాట్‌లోకి రానంత వరకు ఎంత కిందికి దించగలిగితే అంత దించండి.

దించాక ఫ్రేమును నెత్తి మీద మధ్యలో పెట్టొద్దు. తల వెనక అడుగున్నర ఉంచి, మిగతా నాలుగున్నర అడుగులు కెమెరా వైపు వచ్చేలా ముందుకు జరపండి. మనిషికి వెలుగిచ్చేది ఇప్పుడు సూర్యుడు కాదు, ఆ గుడ్డ. గుడ్డ మధ్యభాగం తలకన్నా ముందుకు వచ్చింది కాబట్టి వెలుగు నిలువునా కాకుండా అరవై డిగ్రీల వాలులో పడుతుంది. రూపాయి ఖర్చు లేకుండా, కేవలం జరపడం వల్ల కనుబొమల నీడ కాస్త పైకి లేస్తుంది. గుడ్డ మందంగా ఉంటేనే ఇది పని చేస్తుందని గుర్తుంచుకోండి. పల్చటి గుడ్డలోంచి సూర్యుడు అదే దిశలో చొచ్చుకొస్తాడు.

ఫుల్, హాఫ్, క్వార్టర్ అంటారు కదా, ఏది వాడాలి?

ఫుల్ అంటే మందపు గుడ్డ. సుమారు రెండు స్టాప్‌లు తింటుంది, వెలుగును పూర్తిగా చెదరగొడుతుంది. హాఫ్ సుమారు ఒక స్టాప్, క్వార్టర్ అంతకన్నా తక్కువ. గుడ్డను బట్టి, కంపెనీని బట్టి ఇవి మారతాయి కాబట్టి మీ దగ్గరున్నదాన్ని ఒకసారి ఎండలో లైట్ మీటర్‌తో కొలిచి ఫ్రేము మూలన రాసి పెట్టుకోండి.

తేడా తెలుసుకోడానికి ఒక చిన్న పరీక్ష చాలు. గుడ్డ కింద అరచేతికి జానెడు ఎత్తులో ఒక పెన్ను పట్టుకోండి. అరచేతిలో పెన్ను నీడ గీతలా కనబడితే సూర్యుడు ఇంకా చొచ్చుకొస్తున్నాడన్నమాట. నీడ మసకగా కరిగిపోతే గుడ్డే వెలుగైంది. నడినెత్తి ఎండకు ముందుగా ఫుల్‌తోనే మొదలుపెడతాను. వెనకభాగం మరీ తెల్లబడుతుంటే అప్పుడు హాఫ్‌కు దిగి, తేడాను బౌన్స్‌తో సర్దుకుంటాను. క్వార్టర్ గుడ్డ అయితే, మబ్బు పల్చగా ఉన్న రోజుకు బాగుంటుంది.

స్కిమ్మర్ కట్టాం, ఎదురుగా తెల్ల బోర్డు నిలబెట్టాం. అయినా కళ్ళు నల్లగానే ఉన్నాయి. ఎందుకు?

ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది, జవాబు దాదాపు ప్రతిసారీ ఒకటే. బోర్డును నిటారుగా నిలబెట్టి ఉంటారు.

పొద్దున తొమ్మిదింటికి నిటారు బోర్డుకు ఎండ బాగా తగులుతుంది. పన్నెండింటికి ఎండ దాని అంచును రాసుకుంటూ కిందికి జారిపోతుంది. సూర్యుడు 75 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు నిటారు బోర్డుకు అందేది ఎండలో నాలుగో వంతు మాత్రమే. అదే బోర్డును 45 డిగ్రీలు వెనక్కి వాల్చి, ముఖం సూర్యుడి వైపు ఎత్తితే దాదాపు 87 శాతం అందుతుంది. దాని నుంచి మనిషి వైపు వచ్చే వెలుగు వాలు వల్ల కొంత తగ్గినా, నిటారుగా పెట్టినప్పటికన్నా రెండింతలు పైనే ఉంటుంది. కాబట్టి మధ్యాహ్నం బోర్డు చూపు మనిషికీ సూర్యుడికీ సరిగ్గా మధ్యన ఉండాలి.

రెండో తప్పు, బోర్డు స్కిమ్మర్ నీడలో ఉండటం. నీడలో ఉన్న బోర్డుకు ఇవ్వడానికి ఏముంటుంది? అది బయట, ఎండలో ఉండాలి.

మూడోది ఎత్తు. నేల మీద పడేసిన బోర్డు వెలుగును కిందనుంచి కొడుతుంది. ముక్కు రంధ్రాలు, గడ్డం కింద భాగం వెలుగుతాయి, మొహం దెయ్యం కథ చెప్పే వాళ్ళలా ఉంటుంది. బోర్డు మధ్యభాగం కళ్ళ ఎత్తుకు, వీలైతే దానికి కాస్త పైకి రావాలి. స్టాండ్ మీద వాల్చి కట్టండి, లేదా ఒక మనిషిని స్టూల్ మీద నిలబెట్టండి.

దూరం సంగతి కూడా చూసుకోండి. తెల్ల బోర్డు దగ్గరి నుంచే పనిచేస్తుంది. నాలుగడుగుల దూరం నుంచి ఎనిమిదడుగులకు జరిపితే దాని వెలుగు మూడో వంతుకు, ఇంకా కిందికి కూడా పడిపోతుంది.

తెలుపా, వెండా, బంగారు రంగా?

బంగారు రంగు మధ్యాహ్నం పెట్టకండి. పైనుంచి తెల్ల వెలుగు, పక్కనుంచి పసుపు వెలుగు కలిస్తే చెంప ఒక రంగు, నుదురు ఒక రంగు అవుతాయి. దాన్ని తర్వాత కలర్ కరెక్షన్‌లో సరిచెయ్యడం తలనొప్పి.

తెలుపు, అంటే థర్మాకోల్ గానీ ఫోమ్ బోర్డు గానీ, కళ్ళకు హాయి. వెలుగును అన్ని వైపులకూ చల్లుతుంది కాబట్టి గురి కొంచెం తప్పినా పర్వాలేదు. బలం తక్కువ, దగ్గర పెట్టాలి. మొహానికి క్లోజ్ షాట్ అయితే అది చాలు.

వెండిని నేరుగా మొహం మీదకి కొట్టడం నాకు ఇష్టం ఉండదు. కానీ వెండిని వాడే ఒక పద్ధతి మాత్రం నడినెత్తి ఎండకు అన్నిటికన్నా మంచి మందు. వెండి బోర్డును పన్నెండు, పదిహేనడుగుల దూరంలో పూర్తి ఎండలో పెట్టండి. అది విసిరే వెలుగు నేరుగా మనిషికి కాకుండా, కెమెరా పక్కన నిటారుగా నిలబెట్టిన నాలుగుకి నాలుగు హాఫ్ స్కిమ్మర్ మీద పడాలి. అప్పుడు ఆ చిన్న ఫ్రేము మొత్తం వెలిగి, మొహానికి నాలుగైదడుగుల దూరంలో, కళ్ళకు కాస్త పైన ఒక మెత్తటి లైట్ అవుతుంది. కరెంటు లేకుండా ఒక కీ లైట్, అంటే మొహానికి ముఖ్యమైన వెలుగు, మన చేతికొచ్చినట్టే. వెండి దూరంలో ఉన్నా పెద్దగా నీరసించదు, ఎందుకంటే అది వెలుగును చల్లదు, చాలావరకు ఒకే వైపు తిప్పుతుంది. మనిషి కళ్ళకు కనిపించేది తెల్ల గుడ్డ మాత్రమే కాబట్టి చిట్లించరు. కనుపాపలో చక్కటి చతురస్రపు మెరుపు పడుతుంది.

దీనికి ఒక మనిషి కావాలి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. వెండి బోర్డు కదలకపోతే పదిహేనడుగుల దూరంలో ఉన్న ఆ వెలుగు మచ్చ నాలుగు నిమిషాల్లో మూడంగుళాలు, పది నిమిషాల్లో ఎనిమిదంగుళాలు పక్కకు పోతుంది. బోర్డు దగ్గర ఒకరు నిలబడి, మచ్చ ఫ్రేము మధ్యలోనే ఉందో లేదో చూస్తూ, ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య మెల్లగా సర్దుతుండాలి. మాట్లాడుతుండగా కదిపితే వెలుగు ఊగుతుంది.

మొహం సరిగ్గా వచ్చింది, కానీ వెనక అంతా తెల్లగా కాలిపోతోంది. ఏం చెయ్యాలి?

ఇదే స్కిమ్మర్‌కు మనం చెల్లించే ధర. మనిషిని రెండు స్టాప్‌లు చీకటి చేశాం, వెనకనున్న లోకాన్ని చెయ్యలేదు. మొహానికి ఎక్స్‌పోజర్ పెడితే లోకం రెండు స్టాప్‌లు పేలుతుంది.

మధ్యాహ్నం ఫ్రేములో అన్నిటికన్నా ఎక్కువ వెలిగేది నేల. ఎండ నిలువునా పడుతోంది కాబట్టి నేలకు పూర్తిగా తగులుతుంది, నిలువు గోడలకు, చెట్ల పక్కభాగాలకు అంత తగలదు. అందుకే కెమెరాను కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తుకు దించండి. నిలబడి కిందికి చూసే కెమెరాలో సగం నేలే ఉంటుంది. దించితే నేల ఫ్రేములోంచి దిగిపోయి చెట్లు, గోడలు మిగులుతాయి.

తర్వాత కుర్చీ దిక్కు. సూర్యుడు కొంచెమైనా మనిషి వెనక వైపు వాలి ఉండేలా తిప్పండి. అప్పుడు వెనకనున్న చెట్లు, గోడలు తమ నీడ వైపును కెమెరాకు చూపిస్తాయి. ఎదురుగా పెట్టే బోర్డు కూడా సూర్యుణ్ణి చక్కగా చూస్తుంది. ముదురు ఆకులు మామూలుగానే మధ్యస్థ బూడిద రంగు కన్నా ఒకటిన్నర, రెండు స్టాప్‌లు ముదురు. కాబట్టి రెండు స్టాప్‌లు పేలినా వాటికి సరిగ్గా సరిపోతుంది. తెల్ల గోడకు, ఆకాశానికి ఆ వెసులుబాటు లేదు.

ఇవి రెండూ చేశాక ఇంకా తేడా ఉంటే హాఫ్ గుడ్డకు మారండి, లేదా ముందు వెలుగు పెంచండి. వెనకభాగాన్ని ఎంచుకున్నాకే కుర్చీ వెయ్యండి. కుర్చీ వేసి, స్కిమ్మర్ కట్టి, అప్పుడు మానిటర్ చూసుకుని అన్నీ మళ్ళీ విప్పిన రోజులు నాకు బాగా గుర్తు.

ఒక అసలు సందర్భం మొదటి నుంచి చెప్పగలరా?

ఒక రిటైర్డ్ టీచర్‌తో ఇంటర్వ్యూ. విశాలమైన ఆవరణ, ఒక పక్క సున్నం కొట్టిన తెల్ల గోడ, ఇంకో పక్క దట్టమైన చెట్ల వరుస. పన్నెండుంపావు అయింది, సూర్యుడు సుమారు 75 డిగ్రీల ఎత్తులో. ఆయన అలవాటుగా గోడ దగ్గర కుర్చీ వేసుకున్నారు. "మాస్టారూ, కాస్త ఇటు వేద్దామా, చెట్లు వెనక ఉంటే బాగుంటుంది" అని అడిగి కుర్చీ మార్చాం. చెట్లకు ముప్పై అడుగుల ముందు, సూర్యుడు ఆయన వీపు వైపు కొంచెం వాలేలా.

ఐఎస్ఓ 100, షట్టర్ 1/50 మీద మీటర్‌ను సూర్యుడి వైపు తిప్పి చూస్తే ఎఫ్/22. మీటర్‌లో ఎఫ్ అంకె ఎంత పెద్దదైతే వెలుగు అంత ఎక్కువన్నమాట. ఆరడుగుల ఫుల్ స్కిమ్మర్‌ను తలకు మూడడుగుల పైన కట్టాం. సూర్యుడు వెనక వాలి ఉన్నాడు కాబట్టి నీడ తొమ్మిది, పది అంగుళాలు ముందుకు పడింది. దానికి తగ్గట్టు ఫ్రేము జరిపి, భుజాలు, మోకాళ్ళు, చేతులు అన్నీ నీడలో ఉన్నాయని చూసుకున్నాం. మీటర్ పైకి చూస్తే ఎఫ్/11. అదే మీటర్‌ను ఆయన గడ్డం దగ్గర పెట్టి కెమెరా వైపు తిప్పితే ఎఫ్/8. ఈ రెండు అంకెల మధ్య తేడా చూడండి. వెలుగు మెత్తబడింది గానీ ఇంకా నెత్తి మీదే ఉందని మీటరే చెబుతోంది. మానిటర్‌లో కూడా ఆయన కళ్ళలో మెరుపు లేదు.

కెమెరాకు ఎడమ పక్కన, ఆయనకు ఐదడుగుల దూరంలో నాలుగడుగుల హాఫ్ ఫ్రేము నిలబెట్టాం. పన్నెండడుగుల అవతల వెండి బోర్డు, దాని దగ్గర ఒక అబ్బాయి. బోర్డు మచ్చ ఫ్రేము మీద పడగానే మాస్టారి కళ్ళు వెలిగాయి. అది నిజంగా కళ్ళెదుటే కనిపించే మార్పు. కెమెరా వైపు మీటర్ ఎఫ్/11కి వచ్చింది. ముందు వెలుగు, పై వెలుగు సమానమయ్యాయన్నమాట. చెట్లు మొహానికన్నా ఒక స్టాప్ పైగా ముదురుగా, ఆకుల ఆకారం తెలిసేలా నిలిచాయి.

కెమెరా ఐఎస్ఓ 800 మీద నడుస్తుంది, లెన్స్‌ను ఎఫ్/4 దగ్గర ఉంచాలనుకున్నాం. అందుకు వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ ఆరు స్టాప్‌లది పడింది. మొత్తం సర్దడానికి ఇరవై ఐదు నిమిషాలు పట్టింది, అంతసేపూ మాస్టారిని వరండాలో కూర్చోబెట్టి, ఆయన కుర్చీలో మా వాళ్ళలో ఒకరు కూర్చున్నారు. వెలుగు సర్దుతున్నంతసేపూ మాట్లాడాల్సిన మనిషిని ఎండలో కూర్చోబెట్టకూడదు.

మొహం మరీ చప్పగా, అచ్చు వేసినట్టు ఉంది. ఎక్కువ మెత్తబడిందా?

అన్ని వైపుల నుంచీ వెలుగు వస్తోంది, అంతే. ఇంకో బోర్డు పెట్టడం కాదు, ఒక వైపు వెలుగు తీసెయ్యడం కావాలి. కీ వెలుగు ఎడమనుంచి వస్తుంటే కుడి చెంపకు రెండు, మూడడుగుల దూరంలో నల్ల గుడ్డ నిలువుగా కట్టండి. ఆ వైపు నేల, ఆకాశం నుంచి వచ్చే వెలుగును అది మింగేస్తుంది. చెంప ఎముక ఆకారం, దవడ గీత తిరిగొస్తాయి. లేత నేల ఉంటే కాళ్ళ దగ్గర కూడా ఒక ముదురు గుడ్డ పరిచి చూడండి.

ఇంటర్వ్యూ మధ్యలో వెలుగు మారిపోతోంది. ఎలా పట్టుకోవాలి?

ఒకసారి నేను ఒకావిడ ఇంటర్వ్యూను నలభై నిమిషాలు ఆపకుండా రికార్డ్ చేశాను. ప్రశ్నలు బాగా నడుస్తున్నాయి, ఆపబుద్ధి కాలేదు. తర్వాత చూసుకుంటే ముప్పయ్యో నిమిషం నుంచి ఆమె కుడి భుజం మీద ఒక తెల్ల గీత. మొదట దారంలా ఉంది, చివరికి అరచేతి వెడల్పు అయింది. స్కిమ్మర్ కదల్లేదు, సూర్యుడు కదిలాడు. నలభై నిమిషాల్లో పది డిగ్రీలు. ఐదడుగుల పైనున్న ఫ్రేము నీడ ఆ పది డిగ్రీలకు పదంగుళాలు జరుగుతుంది. చివరి పది నిమిషాల్లో ఆమె చెప్పిన అన్నిటికన్నా మంచి మాటలు ఆ గీతతోనే వాడాల్సి వచ్చింది.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదలుపెట్టేముందు నేల మీద స్కిమ్మర్ నీడ అంచు ఎక్కడుందో రంగు టేపు అంటిస్తాను. ప్రతి పదిహేను నిమిషాలకు ఒకరు ఆ టేపును చూస్తారు. నాలుగంగుళాలు దాటితే ప్రశ్నల మధ్య ఆపి ఫ్రేము జరుపుతాం. ఎండ ఎటు జరుగుతుందో ముందే తెలుసు కాబట్టి, మొదట్లోనే ఆ వైపు నీడ ఎక్కువ మిగిలేలా ఫ్రేము పెట్టుకుంటే ఇంకా మంచిది.

మబ్బులు వేరే కథ. మబ్బు అడ్డొస్తే వెనకభాగం, బౌన్స్ రెండూ ఒకేసారి పడిపోతాయి. ఎక్స్‌పోజర్‌ను మాట మధ్యలో తిప్పొద్దు. మబ్బు చిన్నదైతే ఆగండి, పెద్దదైతే ఆ వెలుగుకే మళ్ళీ సర్దుకుని ఒక పూర్తి జవాబు అందులోనే తీసుకోండి. సగం జవాబు ఎండలో, సగం మబ్బులో ఉంటే కలపడం కష్టం.

గాలి వేస్తే?

ఇక్కడ మాత్రం మొండితనం పనికిరాదు. స్కిమ్మర్ అంటే తెరచాప. ఎనిమిదికి ఎనిమిది ఫ్రేముకు గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే పాతిక కిలోలకు పైగా తోపు ఉంటుంది, అదీ మనిషి తలకు పైన. స్టాండ్‌కు ఇసుక సంచులు తప్పనిసరి. కాళ్ళు వేర్వేరు ఎత్తుల్లో ఉండే స్టాండ్ అయితే అన్నిటికన్నా ఎత్తు కాలు బరువున్న వైపు ఉండాలి, సంచి దాని మీదే వెయ్యాలి. పెద్ద ఫ్రేముకు పై మూలల నుంచి తాళ్ళు కట్టి నేలలో మేకులకు బిగించండి. గాలి ఉన్నంతసేపూ ఒక మనిషి చెయ్యి ఫ్రేము మీద ఉండాలి.

గుడ్డ టపటపలాడటం మొదలైతే అది మైకులో కూడా వినిపిస్తుంది. గుడ్డను ఇంకాస్త బిగించి కట్టండి. అయినా ఆగకపోతే, ఫ్రేము ఎగురుతున్నట్టు అనిపిస్తే, దించేసి గోడ నీడకు వెళ్ళిపోండి.

స్కిమ్మర్ లేదు. తెల్ల దుప్పటి వాడొచ్చా?

వాడొచ్చు. సన్నటి నేత ఉన్న, మడతలు లేని, అచ్చ తెల్లటి దుప్పటి ఫుల్ గుడ్డలా పనిచేస్తుంది, కాకపోతే ఇంకా ఎక్కువ వెలుగు తింటుంది. పాత దుప్పట్లు పసుపు తిరిగి ఉంటాయి, కొన్ని కొత్తవాటికి నీలం ఛాయ ఉంటుంది. అందుకే వైట్ బ్యాలెన్స్ దాని కిందే తీసుకోవాలి. రంగు గొడుగు, టెంటు గుడ్డ వద్దు. ఆ రంగంతా నెత్తి మీద, భుజాల మీద కూర్చుంటుంది, ఎంత సరిచేసినా పోదు.

కళ్ళద్దాల్లో బోర్డు కనిపిస్తోంది.

బోర్డునో ఫ్రేమునో ఇంకొంచెం పైకెత్తి, ఇంకొంచెం పక్కకు జరపండి. అది చాలకపోతే కళ్ళద్దాల కాడలను చెవుల దగ్గర కొద్దిగా పైకి లేపమనండి, అద్దం కిందికి వాలి మెరుపు ఫ్రేములోంచి తప్పుకుంటుంది. కనుపాపలో చిన్న మెరుపు మిగలాలి, అద్దం నిండా తెల్ల చతురస్రం ఉండకూడదు. అద్దం మీద ఆ చతురస్రం తప్పించలేకపోతే బౌన్స్‌ను కొంత వదులుకోవడమే నయం.

సర్దడం అయిపోయిందని ఎలా తెలుస్తుంది?

మానిటర్‌లో మూడు చోట్లు చూస్తాను. రెండు కళ్ళలోనూ మెరుపు ఉందా. ముక్కు కింద నీడ ఉందా, ఉంటే దాని అంచు కరిగిపోయిందా. నుదుటి మీద, ముక్కు కొన మీద జీబ్రా గీతలు, అంటే వెలుగు మితిమీరిన చోట మానిటర్ చూపే చారలు, వస్తున్నాయా. నుదుటి మీద చెమట మెరుస్తుంటే అది వెలుగు తప్పు కాదు, ఒక టిష్యూ అద్దితే సరిపోతుంది.

చివరగా మానిటర్ వదిలేసి ఆ కుర్చీలో నేనే ఒక నిమిషం కూర్చుంటాను. కెమెరా పక్కనున్న ఫ్రేము వైపు, ప్రశ్నలడిగే మనిషి వైపు చూస్తాను. నా కళ్ళు చిట్లించకుండా ఉండగలిగితే, నెత్తి మీద వేడి తగలకపోతే, అప్పుడు వరండాలో ఉన్న వాళ్ళను పిలుస్తాను.